మార్చిన ముఖం మీద టోపీ నీడ

పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోల్లో ముఖం మార్చడం కొత్త పనేమీ కాదు. గ్రూప్ ఫోటోలో అందరూ చక్కగా పడి, ఒక్క మేనమామ మాత్రం కళ్లు మూసుకుంటే, ఇంకో ఫ్రేములోంచి ఆయన ముఖాన్నే తెచ్చి అక్కడ కూర్చోబెడతారు. మండపంలో నాలుగు వైపుల నుంచీ లైట్లు పడతాయి కాబట్టి ముఖం మీద గట్టి నీడలుండవు. రంగు సరిచేసి, అంచులు కలిపేస్తే సరిపోతుంది. చిక్కంతా ఎండలో తీసిన ఫోటోలతోనే. అందులోనూ నెత్తిన టోపీ ఉంటే, దాని అంచు నీడ ముఖాన్ని అడ్డంగా రెండుగా కోసేస్తే, చాలామంది ఎడిటర్లు చేతులెత్తేస్తారు. లేదంటే నల్ల బ్రష్షుతో కళ్ల మీద ఓ పూత పూసి అదే నీడ అనిపిస్తారు. చూసేవాడికి అది నీడలా కనిపించదు, మసి అంటినట్టు కనిపిస్తుంది.

ఎందుకలా కనిపిస్తుందో, అలా కాకుండా ఎలా చేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. గండికోటలో ప్రీ వెడ్డింగ్ షూట్ అనుకోండి. డిసెంబరు నెల, ఉదయం పదిన్నర. ఆ వేళకి అక్కడ సూర్యుడు దాదాపు 45 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. పెళ్లికొడుకు సూర్యుడికి ఎదురుగా నిలబడ్డాడు. నెత్తిన గడ్డితో అల్లిన టోపీ, దాని అంచు 7 సెంటీమీటర్లు ముందుకు పొడుచుకొచ్చింది. వెనక పెన్నా లోయ, పక్కన పెళ్లికూతురు నవ్వు, అన్నీ కుదిరాయి. అబ్బాయి మాత్రం ఆ క్షణంలో రెప్ప వేశాడు. అతను బాగా పడిన ముఖం ఇంకో ఫ్రేములో ఉంది. అది కోట గోడ చాటున, టోపీ లేకుండా తీసింది. ముఖం తిరిగిన కోణం ఒకటే, కెమెరా దూరం ఇంచుమించు ఒకటే. ఆ ముఖాన్ని ఇక్కడికి తేవాలి.

ముఖం నీడలో తీసినదై ఉండటం ఇక్కడ అదృష్టం. మెత్తటి వెలుగులో తీసిన ముఖం మీద ఏ నీడైనా గీయొచ్చు. అదే ముఖం ఇంకో దిక్కు నుంచి ఎండ పడుతుండగా తీసినదైతే, ముక్కు నీడ ఓ చెంప మీద గట్టిగా పడి ఉంటుంది. దాన్ని శుభ్రంగా చెరిపేయడం కొత్త నీడ గీయడం కంటే పెద్ద పని. అలాంటి ముఖాన్ని తెచ్చి గంటలకొద్దీ కుస్తీ పట్టడం దండగ అని నా అభిప్రాయం. వేరే ఫ్రేము వెతుక్కోవడం మేలు.

ముందు తేల్చుకోవాల్సింది నీడ గీత ఎక్కడ పడుతుందన్నది. దీనికి తేలికైన దారి సూర్యుడు ఉన్న చోటు నుంచి చూడటం. ఎండలో టోపీ పెట్టుకున్న మనిషిని సరిగ్గా సూర్యుడి దిక్కు నుంచి చూశామనుకోండి, ముఖం మీద నీడే కనిపించదు. నీడ పడిన భాగమంతా టోపీ అంచు వెనక దాగిపోతుంది. నీడ గీత, టోపీ అంచు రెండూ ఒకటైపోతాయి. కావాలంటే ఇంట్లో చీకటి గదిలో టార్చి పట్టుకుని, దాని పక్కనే కన్ను పెట్టి చూడండి. కంటిని పక్కకు జరిపేకొద్దీ నీడ బయటపడుతుంది. కెమెరా సూర్యుడి దిక్కున ఉండదు కనుకే దానికి ఆ నీడ గీత వంకరలు తిరిగి కనిపిస్తుంది.

ఆ వంకరలకు లెక్క ఉంది. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే, టోపీ అంచు ముఖం కంటే ఎంత ముందుకుందో నీడ అంత కిందికి దిగుతుంది. చెంప ఎముక దగ్గర అంచు 7 సెంటీమీటర్ల ముందుంది, కాబట్టి నీడ అక్కడ అంచు ఎత్తు నుంచి 7 సెంటీమీటర్లు దిగి, కంటి కింద ఆగుతుంది. ముక్కు దూలం ముఖం కంటే సెంటీమీటరో, ఒకటిన్నరో ముందుకు ఉంటుంది. అంటే టోపీ అంచుకీ ముక్కుకీ మధ్య దూరం ఆ మేరకు తక్కువ. అందుకని ముక్కు మీద నీడ అంతే పైన ఆగిపోతుంది. కంటిగుంట లోపలికి ఉంటుంది కనుక అక్కడ ఇంకాస్త కిందికి దిగుతుంది. మొత్తం మీద ఎదురుగా చూస్తే నీడ గీత ఒక చెంప మీద నుంచి బయల్దేరి, ముక్కు దగ్గర పైకెక్కి, మళ్లీ రెండో చెంప మీదకు దిగుతుంది. నల్ల బ్రష్షుతో అడ్డంగా తిన్నని గీత గీసేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. తిన్నని గీత పడితే ముఖం కాగితంలా చదునుగా కనిపిస్తుంది. కన్ను కారణం చెప్పలేకపోయినా తేడా పట్టేస్తుంది.

మన ఉదాహరణలో ఇంత లెక్క కూడా అక్కర్లేదు. కళ్లు మూసుకున్న ఆ అసలు ముఖం మీద నిజమైన నీడ ఇప్పటికే ఉంది. మనిషి అతనే, ముక్కు అదే. కాబట్టి అసలు ముఖాన్ని చెరిపేయకముందే పెన్ టూల్‌తో ఆ నీడ అంచు వెంట ఒక గీత తీసి దాచుకోవాలి. తెచ్చిన ముఖాన్ని పైన అమర్చి కళ్లు, ముక్కు, పెదాలు కలిశాక, దాచుకున్న గీతనే ఆధారంగా వాడాలి. ముఖాలు వేరువేరు మనుషులవైతే మాత్రం పై లెక్క పనికొస్తుంది. ముక్కు పొడవైనదైతే గీత ఇంకాస్త పైకెక్కాలి, కళ్లు లోతుగా ఉంటే ఇంకాస్త దిగాలి.

ఇప్పుడు నీడ ముదురుతనం సంగతి. ఎండలో నిలబడ్డ మనిషి మీద రెండు వెలుగులు పడతాయి. ఒకటి నేరుగా సూర్యుడిది. రెండోది ఆకాశం నుంచీ, నేల మీద నుంచీ, చుట్టూ ఉన్న గోడల మీద నుంచీ వచ్చేది. నీడ అంటే మొదటి వెలుగు లేకపోవడం మాత్రమే, రెండోది అక్కడ అలాగే ఉంటుంది. నల్లరంగుతో నీడ ఎందుకు కుదరదో దీన్ని బట్టే తెలుస్తుంది. నల్లరంగు రెండు వెలుగుల్నీ కలిపి తగ్గించేస్తుంది.

ఫోటోలోనే కొలుచుకోవడం ఉత్తమం. ఐడ్రాపర్‌తో అసలు ముఖంలో ఎండ పడిన చెంప మీద ఒకచోట, గీతకు అవతల నీడలో ఒకచోట రంగు చూడండి. ఎండలో ఎరుపు 205, పచ్చ 155, నీలం 125 వచ్చాయనుకుందాం. నీడలో 114, 80, 62 వచ్చాయనుకుందాం. ఎరుపు సగానికి కాస్త పైన ఆగింది. నీలం సగానికి కొంచెం కిందికి వెళ్లింది. అంటే నీడ కాస్త ఎర్రబారింది. బయట నేల మీద పడే నీడలు ఆకాశం వెలుగు వల్ల నీలంగా ఉంటాయని చదివినవాళ్లు ఇక్కడ తడబడతారు. టోపీ అంచు ఆకాశాన్ని కూడా చాలావరకు మూసేస్తుంది. దాని కిందికి వచ్చే వెలుగు ఎక్కువగా నేల మీద నుంచి తిరిగి వచ్చేదే. గండికోటలో అది ఎర్రరాయి. అదే పచ్చిక మీద నిలబడితే గడ్డం కింద పచ్చఛాయ తేలుతుంది, సముద్రపు ఇసుకలో అయితే నీడ బాగా తేలికవుతుంది.

ఈ అంకెల్లో ఇంకో మెలిక ఉంది. నిజంగా వెలుగు నాలుగో వంతుకు పడిపోయినా ఫోటో ఫైలులో అంకె నాలుగో వంతుకు పడదు, సగానికి కాస్త పైనే ఉంటుంది. తెర మీద మన కంటికి అనువుగా ఉండేలా కెమెరా ఆ అంకెల్ని వంచి రాస్తుంది. 200 ఉన్నది 106 దగ్గర ఆగుతుంది. ఈ సంగతి తెలియక మల్టిప్లై లేయరుని 25 శాతం బూడిద రంగుతో వేస్తే 200 కాస్తా 50 అయి కూర్చుంటుంది. మొదట్లో చెప్పిన మసి పూత అదే.

పని తెలిసినవాళ్లు నీడను గీయరు. తెచ్చిన ముఖానికి రెండు ప్రతులు చేస్తారు. ఒకదాన్ని ముఖమంతా ఎండలో ఉన్నట్టు కర్వ్స్‌తో సరిచేస్తారు. కాంట్రాస్ట్ పెంచి, చెంప రంగు 205, 155, 125 దగ్గరకు తెచ్చి, ముక్కు కింద, కింది పెదవి కింద పడే చిన్న నీడల్ని కూడా చేర్చుతారు. రెండోదాన్ని ముఖమంతా టోపీ నీడలో ఉన్నట్టు 114, 80, 62 దగ్గరకు దించుతారు. దీనిలో కాంట్రాస్ట్ తక్కువ. వెలుగు కింది నుంచి వస్తుంది కనుక ముక్కు అడుగు, కనుబొమ్మల అడుగు కాస్త తేలికగా ఉండాలి. నుదురు పైకి, టోపీ పట్టీ వైపు పోయేకొద్దీ ఇంకా ముదరాలి. ఈ రెండు ప్రతుల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి, మధ్యలో ఒకే ఒక్క మాస్కు పెడతారు. మనం దాచుకున్న గీతే ఆ మాస్కు అంచు. గీతను జరిపితే ముఖం మీద ఎండే జరిగినట్టుంటుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చేది అదే. నీడ ముదురైందా, రంగు తేడా వచ్చిందా, అంచు తప్పిందా అన్నవి విడివిడిగా సరిచేసుకోవచ్చు.

అంచు ఎంత మసకగా ఉండాలి? ఎక్కువమంది అటకాయించేది ఇక్కడే. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే ఏ నీడకైనా అంచు దగ్గర వెలుగూ చీకటీ కలిసిన ఒక పట్టీ ఉంటుంది. గ్రహణాల పాఠంలో ఉపచ్ఛాయ అని చదువుకున్నది ఇదే. దాని వెడల్పు, నీడనిచ్చే వస్తువు ఎంత దూరంలో ఉందో దానిలో దాదాపు 108వ వంతు. టోపీ అంచు నుంచి చెంప దాకా ఎండ ప్రయాణించేది ఏటవాలుగా 10 సెంటీమీటర్లు. 108వ వంతు అంటే మిల్లీమీటరు కూడా ఉండదు. మనిషి ముఖం వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు. ఫోటోలో ఆ ముఖం 600 పిక్సెళ్ల వెడల్పు ఉంటే, మిల్లీమీటరుకు 4 పిక్సెళ్లు. మాస్కు అంచు మసక మొత్తం మీద నాలుగు పిక్సెళ్లకు మించకూడదన్నమాట. అలవాటు కొద్దీ 30 పిక్సెళ్ల ఫెదర్ ఇచ్చేస్తే ఆ నీడ 80 సెంటీమీటర్ల దూరంలోని దేనిదో అయిపోతుంది. నెత్తిన టోపీ ఉంది, నీడ మాత్రం గొడుగుది. చూసేవాళ్లకి ఈ లెక్క తెలియదు, కానీ ఆ ముఖం అక్కడిది కాదని తెలిసిపోతుంది.

చర్మం ఈ లెక్కకి ఒక చిన్న సవరణ కోరుతుంది. వెలుగు చర్మం పైనే ఆగదు. కాస్త లోపలికి దిగి, చెదిరి, పక్కన బయటికి వస్తుంది. అందులో ఎరుపు అన్నిటికంటే దూరం పోతుంది. టార్చికి అరచేయి అడ్డం పెడితే వేళ్ల సందులు ఎర్రగా వెలిగేది ఇందుకే. ముఖం మీద గట్టి నీడ అంచుని బాగా పెద్దది చేసి చూడండి, నీడ వైపున సన్నని ఎర్రటి జీర కనిపిస్తుంది. హెన్రిక్ వాన్ జెన్సెన్ బృందం 2001లో ఈ చెదరడాన్ని కంప్యూటరు లెక్కించే తీరును ప్రచురించాక సినిమాల్లో డిజిటల్ మనుషుల చర్మం మైనంలా, ప్లాస్టిక్‌లా కాకుండా మాంసంలా కనిపించడం మొదలైంది. ఫోటోలో మనకు అంత లెక్క అక్కర్లేదు. నీడ అంచు వెంట, నీడ వైపున మూడు నాలుగు పిక్సెళ్ల వెడల్పున ఎర్రనారింజ రంగుతో సాఫ్ట్ లైట్ లేయరు ఒకటి, చాలా తక్కువ ఒపాసిటీతో వేస్తే చాలు. విడిగా కనిపించిందంటే ఎక్కువైనట్టు.

ఇక కళ్లు. గోడ చాటున తీసిన ముఖంలో కళ్లలో ఆకాశం తెల్లగా మెరుస్తూ ఉంటుంది. టోపీ కింద కళ్లకు పైన కనిపించేది ఆకాశం కాదు, టోపీ అడుగుభాగం. కాబట్టి కనుపాప పై సగంలోని మెరుపు తీసేసి, కింది సగంలో నేల వెలుగును లేతగా ఉంచాలి. కనుగుడ్డు తెలుపు కూడా చర్మంతో పాటే ముదరాలి. దీన్ని వదిలేస్తే నీడలోంచి రెండు తెల్లటి కళ్లు దయ్యంలా చూస్తుంటాయి. ముక్కు మీద, చెమట పట్టిన నుదుటి మీద ఉండే జిడ్డు మెరుపులదీ ఇదే కథ. ఎండ లేనిచోట ఆ మెరుపు ఉండదు. దాన్ని ముదురు చేస్తే బూడిద మచ్చ మిగులుతుంది. ముదురు చేయడానికి ముందే హీలింగ్ బ్రష్షుతో తీసేయాలి.

గడ్డి టోపీ అన్నాం కాబట్టి ఇంకొకటి. అల్లికలోని సందుల్లోంచి ఎండ దిగి నీడ మధ్యలో చిన్న చిన్న వెలుగు చుక్కలు పడతాయి. అసలు ముఖం మీద అవి ఉంటే కొత్త ముఖం మీదా ఉండాలి. మాస్కులో ఆ చుక్కల దగ్గర ఎండ ప్రతిని బయటపెడితే సరిపోతుంది.

చారల ఎండ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది, దూరం మాత్రం పెరుగుతుంది. కిటికీ ఊచ ఒకటిన్నర సెంటీమీటరు మందం ఉందనుకోండి. మనిషి దానికి మీటరు దూరంలో కూర్చుంటే చార అంచు మసక 9 మిల్లీమీటర్లు, మధ్యలో నిజంగా నల్లగా ఉండే భాగం 6 మిల్లీమీటర్లే. మీటరున్నర దాటి వెనక్కి జరిగితే ఆ నల్లభాగం పూర్తిగా మాయమై, చారలన్నీ లేత బూడిద గీతలవుతాయి. ఒకే ఫోటోలో గోడ మీద చారలు మసకగా, కిటికీకి దూరం ఇంచుమించు అంతే ఉన్న ముఖం మీద చారలు కత్తిలా ఉన్నాయంటే ఎవరో వాటిని తర్వాత గీశారనే అర్థం. తాటాకు పందిరి కింద అయితే చారలు కూడా ఉండవు, గుండ్రటి బిళ్లలుంటాయి. ఆ బిళ్లలు చిన్న సందులు వేసే సూర్యుడి బొమ్మలు. పందిరి రెండున్నర మీటర్ల దూరంలో ఉంటే ఒక్కొక్కటి రెండు సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. పాక్షిక సూర్యగ్రహణం రోజున అవన్నీ నెలవంకలైపోవడం చాలామంది చూసే ఉంటారు.

సినిమాలో ఇదంతా కదులుతుంది. 1993 నాటి జురాసిక్ పార్క్‌లో పైకప్పు లోంచి జారిపడబోయిన స్టంట్ మనిషి ముఖం మీద అరియానా రిచర్డ్స్ ముఖాన్ని అమర్చారు. డిజిటల్‌గా ముఖం మార్చిన తొలి సందర్భాల్లో అదొకటి. టోపీ పెట్టుకున్న డూప్ గుర్రం మీద తల తిప్పితే, నీడ గీత ముఖం మీద జారుతూ పోతుంది. సెకనుకు 24 ఫ్రేముల్లో దాన్ని చేత్తో గీస్తే అంచు వణుకుతుంది. అందుకని డూప్ తల కదలికను ట్రాక్ చేసి, నటుడి తల కొలతలతో ఒక త్రీడీ తల, టోపీ కొలతలతో ఒక త్రీడీ టోపీ కట్టి, దానిమీద ఒకే ఒక్క సూర్యుణ్ని వెలిగిస్తారు. బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో సూర్యుడి వెడల్పుని డిగ్రీల్లో ఇచ్చే చోటు ఉంటుంది. అక్కడ 0.53 ఇస్తే ఉపచ్ఛాయ లెక్క అదే చూసుకుంటుంది. ఆ తలను చూపించరు. దాని మీద పడ్డ నీడను మాత్రం నలుపు తెలుపులో రెండర్ చేసి, మనం ఇందాక ఫోటోలో పెట్టిన మాస్కు స్థానంలో పెడతారు. రెండు ప్రతులు, ఒక మాస్కు అన్న పద్ధతి మారదు.

ఒక్క మీట నొక్కితే ముఖం మార్చే సాఫ్ట్‌వేర్లకు గట్టి ఎండ ఇప్పటికీ ఇబ్బందే. నీడ గీతను అవి తరచుగా మెత్తగా పాముతాయి, లేదా చారను మచ్చ అనుకుని తీసేస్తాయి. అతుకు కనిపించకుండా చేసే పద్ధతితో మరో చిక్కు ఉంది. పాట్రిక్ పెరెజ్, మరో ఇద్దరు 2003లో ప్రచురించిన పద్ధతి ముఖం అంచు రంగుని చుట్టుపక్కల రంగుతో కలిపి, తేడాను లోపలికి పరిచేస్తుంది. మెత్తటి వెలుగులో అది అద్భుతంగా పనిచేస్తుంది. అదే నీడ గీత ముఖం అంచుని దాటుతున్న చోట వాడితే, ఆ చీకటి కణతల దగ్గర నుంచి చెంప మధ్యకు మరకలా పాకుతుంది. గట్టి నీడ ఉన్న ఫోటోలో ఆ పద్ధతి జోలికి పోకపోవడమే మంచిది.

పని అయ్యాక పరీక్ష ఒకటి ఉంది. టోపీ అంచు మీద గుర్తుపట్టగలిగే ఒక చోటు, అంటే ఒక వంపో, విరిగిన గడ్డి పోచో చూసి, అక్కడి నుంచి ముఖం మీద దాని నీడ పడిన చోటికి తిన్నని గీత గీయండి. పెళ్లికూతురి చెవికమ్మ నుంచి మెడ మీద దాని నీడకు ఇంకో గీత. వెనక కోట గోడ మీద ఏదైనా రాయి కొస నుంచి దాని నీడకు మరో గీత. సూర్యుడు ఒక్కడే కాబట్టి, పొడిగిస్తే ఈ గీతలన్నీ ఒకే బిందువులో కలవాలి. ఆ బిందువు ఫోటోకి చాలా దూరంలో ఉంటే దాదాపు సమాంతరంగా పోవాలి. ఒక గీత వేరే దారి పట్టిందంటే ఆ నీడ తప్పు. ఎరిక్ కీ, జేమ్స్ ఓబ్రయన్, హానీ ఫరీద్ 2013లో దొంగ ఫోటోలు పట్టుకోవడానికి ఈ ఆలోచనతోనే ఒక పద్ధతిని తయారుచేశారు. అనుమతి లేకుండా ఎవరి ముఖాన్నో ఎక్కడో అతికించేవాళ్లకి ఇది గుర్తుండటం మంచిది. నీడ రంగు కుదిరినా దిక్కు తప్పితే దొరికిపోతారు.

ఫోటోగ్రాఫర్లకు ఒక మాట. ఎండలో టోపీతో తీస్తున్నప్పుడు ఒక్క క్లిక్కుతో కదిలిపోకండి. మనిషిని కదలనివ్వకుండా, టోపీ తీయనివ్వకుండా అక్కడే వరసగా ఐదారు ఫ్రేములు తీయండి. రెప్పలు తెరుచుకున్న ముఖం అదే నీడతో వాటిలో ఒకదాంట్లో దొరికితే, ఇక్కడ రాసిన ఏ లెక్కా మీ ఎడిటరుకు అక్కర్లేదు.